ఆపరేటింగ్ సిస్టమ్స్: షెడ్యూలింగ్, డెడ్‌లాక్, మెమరీ లెక్చర్ మీద ప్రశ్నలు

మొత్తం 40 మార్కులు. సమయం గంటన్నర. నోట్స్ తెరిచి రాసుకోవచ్చు. నిర్వచనాలు అడగడం లేదు కాబట్టి నోట్స్‌లో జవాబు దొరుకుతుందని వెతుకుతూ టైమ్ పోగొట్టుకోకండి. లెక్క తప్పినా ఆలోచన సరైన దారిలో ఉంటే మార్కులు ఇస్తాను, అందుకని ప్రతి మెట్టూ రాయండి.

1. మూడు ప్రాసెస్‌లు ఒకేసారి, సున్నా సమయానికి, ఈ వరసలోనే క్యూలోకి వచ్చాయి. వాటికి కావాల్సిన సీపీయూ సమయం 20, 4, 3 మిల్లీసెకండ్లు. ముందొచ్చినదానికి ముందు (ఎఫ్‌సీఎఫ్‌ఎస్), చిన్నదానికి ముందు (ఎస్‌జేఎఫ్), 4 మిల్లీసెకండ్ల క్వాంటమ్‌తో రౌండ్ రాబిన్: మూడింటికీ గాంట్ చార్ట్ గీసి, సగటు నిరీక్షణ సమయం కట్టండి. కాంటెక్స్ట్ స్విచ్ ఖర్చు వదిలేయండి. (6)

2. పై లెక్కలో రౌండ్ రాబిన్ సగటు ఎస్‌జేఎఫ్ కంటే ఎక్కువే వస్తుంది. అయినా మనం టైప్ చేస్తూ కూర్చునే కంప్యూటర్‌లో రౌండ్ రాబిన్ లాంటి పద్ధతే ఎందుకు నయం? క్వాంటమ్‌ను 100 మిల్లీసెకండ్లు చేస్తే ఈ మూడు ప్రాసెస్‌లకు ఏమవుతుంది? (4)

3. 1997 జులైలో మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. కొన్నాళ్లకే అందులోని కంప్యూటర్ మాటిమాటికీ దానంతట అదే రీసెట్ కావడం మొదలైంది. వాతావరణ వివరాలు సేకరించే తక్కువ ప్రయారిటీ టాస్క్ ఒక మ్యూటెక్స్ పట్టుకుని ఉండగా, ఎక్కువ ప్రయారిటీ ఉన్న బస్ టాస్క్ దానికోసం ఆగింది. ఈలోగా మధ్య ప్రయారిటీ టాస్క్ ఒకటి సీపీయూ తీసుకుంది.
అ) మధ్యలో ఉన్న టాస్క్‌కు ఆ మ్యూటెక్స్‌తో సంబంధమే లేదు. మరి పెద్ద టాస్క్‌ను అది ఎలా ఆపగలిగింది?
ఆ) ఇంజనీర్లు భూమి మీది నుంచే ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్‌ను ఆన్ చేసి సరిచేశారు. అది ఆన్ అయ్యాక ఇదే సన్నివేశం ఎలా నడుస్తుందో వరసగా చెప్పండి. ఈ ప్రశ్నకు నిదానంగా రాయండి, నాకు చాలా ఇష్టమైన సంఘటన. (6)

4. రెండు థ్రెడ్‌లు ఇలా ఉన్నాయి:

```c
/* T1 */            /* T2 */
lock(&a);           lock(&b);
lock(&b);           lock(&a);
work();             work();
unlock(&b);         unlock(&a);
unlock(&a);         unlock(&b);
```

మీ ఫ్రెండ్ దీన్ని వందసార్లు రన్ చేసి, "ఒక్కసారి కూడా ఆగలేదు, కోడ్ బాగానే ఉంది" అన్నాడు. సరిగ్గా ఏ లైన్ దగ్గర స్విచ్ జరిగితే రెండూ ఆగిపోతాయో అతనికి చూపించండి. డెడ్‌లాక్‌కు కావాల్సిన నాలుగు షరతులూ ఇక్కడ ఎక్కడున్నాయో ఒక్కొక్కటీ కోడ్‌లో గుర్తించండి. తర్వాత ఒక్క షరతును మాత్రమే విరగ్గొట్టేలా కోడ్ మార్చండి. మార్పు ఎంత చిన్నదైతే అంత మంచిది. (7)

5. ఒకే రకం పరికరాలు మొత్తం 11. వాటిని ఏ, బీ, సీ అనే మూడు ప్రాసెస్‌లు వాడుతున్నాయి. ఏ దగ్గర 4 ఉన్నాయి, గరిష్ఠంగా 9 కావాలి. బీ దగ్గర 2, గరిష్ఠంగా 5. సీ దగ్గర 2, గరిష్ఠంగా 6. ఇప్పుడు బీ ఒకటి అడిగితే ఇవ్వచ్చా? బీకి బదులు సీ ఒకటి అడిగితే? బ్యాంకర్స్ అల్గారిదమ్‌తో తేల్చండి. ఒకటి సేఫ్ కాదని తేలితే, "అయితే డెడ్‌లాక్ వచ్చేసినట్టే" అనడం సరైనదేనా? క్లాసులో అందరూ తలూపింది ఇక్కడే, పేపర్ మీద ఎక్కువమంది తడబడేదీ ఇక్కడే. (6)

6. అడ్రస్ 16 బిట్లు, పేజీ సైజు 4 కేబీ. పేజ్ టేబుల్‌లో 0వ పేజీ 5వ ఫ్రేమ్‌లో, 1వ పేజీ 2వ ఫ్రేమ్‌లో, 3వ పేజీ 7వ ఫ్రేమ్‌లో ఉన్నాయి. 2వ పేజీ మెమరీలో లేదు. వర్చువల్ అడ్రస్ 4100కు భౌతిక అడ్రస్ ఎంత? మీకు వచ్చిన ఆ సంఖ్యనే ఇప్పుడు వర్చువల్ అడ్రస్‌గా ఇస్తే ఏం జరుగుతుంది? అప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ చేసే పనులు వరసగా రాయండి. (5)

7. పేజీలను ఈ వరసలో అడిగారు: 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5. ఫిఫో పద్ధతిలో 3 ఫ్రేమ్‌లతో ఎన్ని ఫాల్ట్‌లు, 4 ఫ్రేమ్‌లతో ఎన్ని? వచ్చిన జవాబు నమ్మబుద్ధి కాక చాలామంది కొట్టేసి మళ్లీ చేస్తారు. మీరు కొట్టేయకండి, ఎందుకలా వచ్చిందో రాయండి. ఎల్ఆర్‌యూలో ఇలా ఎందుకు జరగదు? (4)

8. సర్వర్‌లో సీపీయూ 15 శాతమే పనిలో ఉంది, స్వాప్ డిస్క్ మాత్రం దాదాపు ఖాళీ లేకుండా తిరుగుతోంది. సీపీయూ ఖాళీగా ఉంది కదా అని అడ్మిన్ ఇంకో పది ప్రాసెస్‌లు మొదలుపెట్టబోతున్నాడు. అతన్ని ఆపడానికి ఏం చెబుతారు, ఆపాక ఏం చేయమంటారు? రెండు మూడు వాక్యాలు చాలు. (2)