గురువారం సాయంత్రం, తొమ్మిదో తరగతి సైన్స్: మొదటి నిమిషం స్క్రిప్ట్

గురువారం క్లాసు నువ్వు తీసుకుంటున్నావు కాబట్టి మొదటి నిమిషం మాటకు మాట రాసి పెడుతున్నాను. ఆరున్నరకి మొదలు. బెంగళూరు వర్తూరు షెడ్డులో ఇరవై నాలుగు మంది ఉంటారు. ఆ టైముకి సరిగ్గా నీళ్ల టాంకర్ వచ్చి వెళ్లి ఉంటుంది, సగం మంది బిందెలు ఇంట్లో దించి పరుగున వస్తారు, చేతులింకా తడిగానే ఉంటాయి, ఎవరు లైన్లో ముందు దూరారన్న గొడవ కూడా వాళ్లతోపాటే లోపలికి వస్తుంది. ఆ గొడవని ఆపమని అడగొద్దు. పాఠమూ నీళ్లు మోయడం గురించే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందే సిద్ధం చేయాల్సినవి రెండే: పదిహేను లీటర్ల బకెట్ నిండా నీళ్లు (గుర్తు పెట్టుకో, ఖాళీ బకెట్‌ని ఎవరూ చూడరు), బోర్డు మీద ఎడమవైపు చిన్న మెట్ల బొమ్మ. తేదీ, పాఠం పేరు ఇప్పుడే రాయకు.

0 నుంచి 10 సెకన్లు

(బకెట్‌ని బయటి నుంచి నువ్వే మోసుకుంటూ లోపలికి రా. మధ్యలో నేల మీద దించు. కొద్దిగా ఒలికినా పరవాలేదు. ఏమీ మాట్లాడకుండా బకెట్ వైపే చూస్తూ నిలబడు. పది అంకెలు మనసులో లెక్కపెట్టు, ఆరు దగ్గరే మాట్లాడాలనిపిస్తుంది, ఆగు.)

10 నుంచి 20

(ముందు బెంచీకి మాత్రమే వినపడేంత గొంతుతో.)

"ఈ బకెట్ గుర్తుందా? మంగళవారం దీన్ని మెట్లెక్కించాం. ఎన్నో అంతస్తు దాకా? నోటితో చెప్పొద్దు, వేళ్లు ఎత్తి చూపించండి."

(నువ్వు కూడా చెయ్యి పైకెత్తి, వేళ్లు మూసి ఉంచు. వెనక బెంచీలో మాట్లాడుకుంటున్న వాళ్లు చుట్టూ లేచిన చేతులు చూసి, ఏమడిగారని పక్కవాళ్లని అడిగి తెలుసుకుంటారు. ఆ కాస్త గుసగుస వల్ల మనకి ఇబ్బంది లేదు.)

20 నుంచి 40

"మూడు. అవును, మూడో అంతస్తే. ఒక్కో అంతస్తు మూడు మీటర్లు అనుకున్నాం. మొత్తం ఎత్తెంత? ఇప్పుడు అందరూ కలిసి చెప్పండి."

("తొమ్మిది" అని వస్తుంది. బడిలో కన్నడ మీడియం కాబట్టి కొందరు "ఒంబత్తు" అంటారు. అదీ సరైన జవాబే, తల ఊపి ముందుకెళ్లు, తెలుగులోకి మార్చి చెప్పించకు.)

"తొమ్మిది మీటర్లు. నీళ్లు పదిహేను కిలోలు, బకెట్ బరువు వదిలేశాం, జీ విలువ పది తీసుకున్నాం. గుణిస్తే ఎంతొచ్చింది?"

(అడుగుతూనే మెట్ల బొమ్మ పక్కన రాయి.)

15 × 10 × 9 = 1350 J

(1350 మాత్రం వాళ్ల నోటి నుంచే రావాలి. సమాన గుర్తు దాకా రాసి చాక్‌పీస్ అక్కడే ఆపి పట్టుకో. ఎవరో ఒకరు చెప్తారు, చెప్పాకే రాయి.)

40 నుంచి 60

"పదమూడు వందల యాభై జౌళ్ల పని. ఇప్పుడు వినండి. ఇదే బకెట్‌ని ఒక అక్క అరనిమిషంలో మూడో అంతస్తుకి చేర్చింది. ఇంకో అక్క మెల్లగా, నిమిషంన్నరలో చేర్చింది. ఎవరు ఎక్కువ పని చేశారు? నోట్సు తీసి ఒక్క మాటే రాయండి: మొదటి అక్క, రెండో అక్క, లేదా సమానం. పక్కవాళ్లది చూడొద్దు, తప్పు రాసినా ఏమీ అనను."

(ఇక్కడితో నిమిషం అయిపోతుంది. ఇరవై నాలుగు తలలూ నోట్సు మీదకి వంగి ఉంటాయి. అటెండెన్స్ ఇప్పుడు తీసుకో, పేర్లు పిలవకుండా, చూసి టిక్ పెట్టుకుంటూ.)

అక్కడి నుంచి పాఠంలోకి దిగే మాట ఇది:

"పని సమానమే, ఎందుకంటే బరువు మారలేదు, ఎత్తు మారలేదు. కానీ ఇద్దరూ ఒకేలా మోశారని చెప్తే మీ మనసు ఒప్పుకోవట్లేదు కదా? ఒప్పుకోనిది ఏమిటో దానికి ఈరోజు పేరు పెడదాం. సామర్థ్యం."

(ఇప్పుడు బోర్డు మీద పాఠం పేరు రాయి. కింద 1350 ని 30 తో భాగిస్తే 45 వాట్లు, 90 తో భాగిస్తే 15 వాట్లు. ఆ షెడ్డులో వెలిగే ఎల్‌ఈడీ బల్బు మీద 9 వాట్లు అని ఉంటుంది, దాన్ని చూపించు. రెండో అక్క మెల్లగా ఎక్కినా ఒక బల్బుకి సరిపోయే దాని కంటే ఎక్కువే పెట్టింది అంటే నోళ్లు తెరుస్తారు.)

అనుకున్నట్టు జరగకపోతే ఏమనాలో కూడా రాస్తున్నాను.

పది సెకన్లకీ గోల తగ్గకపోతే గొంతు పెంచకు. కిటికీ పక్కన కూర్చునే పొడుగు పిల్లాడి దగ్గరికెళ్లి, "దీన్ని ఎత్తి బల్ల మీద పెడతావా నాన్నా, బరువు ఎంతుందో చెప్పు" అను. వాడు ఎత్తుతుంటే అందరూ అటే చూస్తారు. అందరికంటే ఎక్కువ అల్లరి చేసేది వాడే, అందరికంటే ముందు సాయానికొచ్చేదీ వాడే.

ఆలస్యంగా వచ్చిన వాళ్లకి: "రా, కూర్చో, బోర్డు మీద మెట్లు చూడు." అంతే. ఎందుకు ఆలస్యమైందని అందరి ముందు అడగొద్దు, కారణం టాంకరే అని మనకి తెలుసు.

మంగళవారం రాని వాళ్లు నలుగురున్నారు. వాళ్లు వేళ్లు ఎత్తకుండా దిక్కులు చూస్తే, "రాని వాళ్లకి పక్కవాళ్లు ఒక్క ముక్కలో చెప్పండి, బకెట్‌తో ఏం చేశామో" అని ఐదు సెకన్లు ఇవ్వు. చెప్పే వాళ్లకి కూడా పాఠం గుర్తొస్తుంది.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. "మీ ఇంట్లో నీళ్లు ఎవరు మోస్తారు?" అని అడగకు. పోయిన నెల నేను అడిగాను, మూడో బెంచీలో ఒక అమ్మాయి తల దించుకుని క్లాసయ్యేదాకా ఎత్తలేదు. అందుకే స్క్రిప్టులో "ఒక అక్క, ఇంకో అక్క" అనే పెట్టాను. తమ ఇంటి సంగతి చెప్పాలనుకునే వాళ్లు తామే చెప్తారు.

"పోయిన క్లాసులో ఏం చెప్పుకున్నాం?" అనే ప్రశ్న కూడా తీసేశాను. అంత పెద్ద ప్రశ్నకి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో వాళ్లకి తెలియదు, ఎప్పుడూ చెప్పే ఆ ఇద్దరే చెప్తారు, మిగతా వాళ్లు ఆ సందులో కబుర్లలో పడతారు. మూడు వేళ్లు అయితే అందరూ ఎత్తగలరు.

చివరి పావుగంటకి టైము మిగిలితే కావేరి సంగతి చెప్పు. బెంగళూరుకి ఆ నీళ్లు సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి వస్తాయి, టి.కె. హళ్లి, హారోహళ్లి, తాతగుణి అనే మూడు చోట్ల పంపులు పెట్టి దాదాపు 500 మీటర్లు పైకి ఎక్కిస్తారు. ఒక్క లీటరుకి పని ఎంతో వాళ్లనే లెక్కకట్టమను. 1 × 10 × 500, అంటే 5000 జౌళ్లు. దాన్ని మన బకెట్ 1350 పక్కనే రాయి. పదిహేను లీటర్లని మూడంతస్తులు ఎక్కించడం కంటే ఒక్క లీటరుని ఊరిదాకా తేవడానికి మూడు రెట్లకి పైగా పని పడుతుందని వాళ్లే చూసుకుంటారు.

క్లాసు అయ్యాక ఆ బకెట్ నీళ్లు పారబోయకు, షెడ్డు వెనక కరివేపాకు మొక్కకి పోయమని ఎవరికైనా చెప్పు.