తజ్వీద్ తొలి పాఠం: ముందు అక్షరం, తర్వాత రాగం

అస్సలాము అలైకుమ్ పిల్లలూ. అసర్ నమాజు తర్వాత ఈ కోటమిట్ట తరగతికి వచ్చే మీలో ఎక్కువ మంది తెలుగు మాధ్యమంలో చదువుతున్నారు. అందుకే ఈ పాఠాన్ని తెలుగులో రాసి ఇస్తున్నాను. అరబీ మాటలను తెలుగు లిపిలో రాసినది గుర్తు కోసమే. చదివేటప్పుడు మీ కన్ను ముస్హఫ్ మీదే ఉండాలి. తెలుగులో ‘ఖుర్ఆన్’ అని ఖ అక్షరంతో రాస్తాం, కానీ అక్కడ ఉన్న శబ్దం మన ఖ కాదు. మనం నేర్చుకోవలసింది ఇటువంటి చోట్లనే.

తజ్వీద్ అంటే మెరుగుపరచడం. ప్రతి అక్షరాన్ని అది పుట్టే చోటు నుంచి, దానికి తగిన గుణంతో, తగినంత సేపు పలకడం. ‘ఖుర్ఆన్‌ను ఆగి ఆగి, స్పష్టంగా పఠించు’ అని సూరా ముజ్జమ్మిల్ నాలుగో ఆయత్‌లో అల్లాహ్ ఆదేశం ఉంది. మీలో కొందరు ఫోనులో ఖారీల పఠనం విని, రాగం పట్టుకుని వస్తున్నారు. ఆ ఇష్టం నాకు ఎంతో సంతోషం. అయితే రాగాన్ని చివర నేర్పుతాను. అక్షరం తప్పితే అర్థమే మారిపోతుంది. ఖాఫ్‌తో ‘ఖల్బ్’ అంటే హృదయం. అదే మాటను కాఫ్‌తో ‘కల్బ్’ అని పలికితే కుక్క. ఫాతిహాలో ‘అన్అమ్త’ అంటే ‘నీవు అనుగ్రహించావు’. చివర ‘తు’ అన్నారంటే ‘నేను అనుగ్రహించాను’ అయిపోతుంది! ఇటువంటి పెద్ద తప్పును లహ్నె జలీ అంటారు. ముక్కులో మోగే గున్నా తగ్గడం వంటి సూక్ష్మమైన తప్పు లహ్నె ఖఫీ. మొదటి నెల అంతా మన శ్రద్ధ పెద్ద తప్పుల మీదే.

మొదటి మెట్టు: నోరు

అక్షరం పుట్టే చోటును మఖ్రజ్ అంటారు. హిజ్రీ 833లో మరణించిన ఇమామ్ ఇబ్నుల్ జజరీ లెక్క ప్రకారం అవి 17. వాటిని అయిదు ప్రాంతాలుగా పెట్టుకుంటే తేలిక: నోటిలోని ఖాళీ, గొంతు, నాలుక, పెదవులు, ముక్కు. పదిహేడూ ఈ రోజే కంఠస్థం చేయవద్దు. తెలుగు నోటికి కొత్తవైన శబ్దాలతో మొదలుపెడదాం.

ముందు గొంతు. మెడ మీద వేలు ఆనించి పలకండి. హమ్జా, చిన్న హా గొంతు అడుగున పుడతాయి. ఐన్, పెద్ద హా గొంతు మధ్యలో, గైన్, ఖా గొంతు పైభాగంలో పుడతాయి. తెలుగులో మనకు ఒకే హ ఉంది కాబట్టి రెండు హాలూ ఒకటేనని చెవి మోసపోతుంది. అరచేతిని నోటి ముందు పెట్టుకోండి. చలికాలంలో అద్దం మీద ఆవిరి ఊదినట్టు, గొంతు మధ్యను కొంచెం నొక్కి ఊపిరి వదిలితే పెద్ద హా వస్తుంది. ‘అల్‌హమ్దు’లో ఉన్నది అదే. ఐన్ పలకడం రాకపోతే కంగారు పడకండి. నాకూ చిన్నప్పుడు చాలా నెలలు పట్టింది.

తర్వాత నాలుక. మూడు చుక్కల సా, చుక్క ఉన్న జాల్, చుక్క ఉన్న లావు జా, ఈ మూడింటికీ నాలుక కొన పై ముందుపళ్ళ అంచును తాకి కాస్త బయటికి కనిపించాలి. అద్దంలో చూసుకోండి, నాలుక కనబడకపోతే అది తప్పు. దాద్‌కు నాలుక పక్క అంచు పై దవడ పళ్ళకు ఆనుతుంది. దాన్ని మాత్రం కాగితం మీద నేర్పలేను, నా నోరు చూస్తూ నేర్చుకోవాలి.

ఖా, సాద్, దాద్, గైన్, లావు తా, ఖాఫ్, లావు జా అనే ఏడూ ఎప్పుడూ బరువుగా పలికేవి. వాటికి నాలుక వెనుక భాగం పైకి లేస్తుంది, నోరు నిండినట్టు అవుతుంది. అల్లాహ్ పేరులోని లామ్‌కు వేరే నియమం ఉంది: దాని ముందు ‘అ’ పలికించే జబర్ గాని ‘ఉ’ పలికించే పేష్ గాని ఉంటే బరువు, ‘ఇ’ పలికించే జేర్ ఉంటే తేలిక. ‘ఖుల్ హువల్లాహు’లో బరువు, ‘బిస్మిల్లాహి’లో తేలిక. రెండూ పక్కపక్కన పలికి చూడండి, తేడా మీ చెవికే తెలుస్తుంది.

రెండో మెట్టు: పొడవు, ఒత్తు

ఇక్కడ తెలుగు పిల్లలకు ఒక గొప్ప లాభం ఉంది. ‘పల’కూ ‘పాల’కూ తేడా మీకు పుట్టుకతో తెలుసు. జబర్, జేర్, పేష్ మన హ్రస్వాల వంటివి, మద్ద్ అక్షరాలు దీర్ఘాల వంటివి. తష్దీద్ కూడా కొత్తది కాదు. ‘గద’, ‘గద్ద’ అన్నప్పుడు నాలుక చేసే పనే అది.

కొలత మాత్రం కచ్చితంగా ఉండాలి. మడిచిన వేలు మామూలు వేగంతో తెరిచేంత సేపు ఒక హర్కత్. మామూలు మద్ద్ రెండు హర్కత్‌లు. దీర్ఘం తర్వాత అదే మాటలో హమ్జా వస్తే నాలుగు లేదా అయిదు. ‘ఇదా జాఅ నస్రుల్లాహి’లో ‘జా’ అటువంటిది. ‘వలద్దాల్లీన్’లో దీర్ఘం వెంటనే తష్దీద్ ఉన్న లామ్ వచ్చింది కాబట్టి ఆ ‘దా’ను నిండా ఆరు సాగదీయాలి. తెలుగులో ఇంత పొడవైన అచ్చు లేదు, అందుకే మధ్యలో తుంచేస్తారు. వేళ్ళు లెక్కపెడుతూ సాగించండి.

ఇప్పుడు తెలుగు వల్ల వచ్చే నష్టం. మన భాషలో మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ‘బస్’ మన నోట ‘బస్సు’ అయింది, ‘కప్’ ‘కప్పు’ అయింది. అదే అలవాటుతో ‘అహద్’ దగ్గర ఆగి ‘అహదు’ అంటారు. ప్రతి కొత్త తరగతిలోనూ నేను ముందు సరిదిద్దేది ఇదే. జజమ్ ఉన్న అక్షరం తర్వాత ఏ అచ్చూ రాకూడదు.

మరి ఆ దాల్ చప్పగా చచ్చిపోకూడదు కదా? దానికే ఖల్ఖలా ఉంది. ఖాఫ్, లావు తా, బా, జీమ్, దాల్, ఈ అయిదింటి మీద జజమ్ ఉన్నా, వాటి మీద ఆగినా, శబ్దం చిన్నగా ఎగిరి పడుతుంది. నేల మీద పడిన బంతి ఒక్కసారి ఎగిరినట్టు. ఆ ఎగురుడు ‘ఉ’ కాదు, ‘అ’ కాదు. సూరా ఇఖ్లాస్‌లో నాలుగు ఆయత్‌లూ దాల్ మీదే ఆగుతాయి: అహద్, సమద్, యూలద్, అహద్. ఖల్ఖలా నేర్చుకోవడానికి దీని కంటే మంచి చోటు లేదు.

మూడో మెట్టు: నూన్

ఈ నియమాలు విని పిల్లలు భయపడతారు. నిజానికి వీటిలో మూడు మీరు రోజూ తెలుగులో చేస్తున్నవే.

ముందు గున్నా. నూన్ మీద గాని మీమ్ మీద గాని తష్దీద్ ఉంటే ముక్కులో రెండు హర్కత్‌ల సేపు మోగించాలి. ‘ఇన్న’ అని సాగదీస్తూ ముక్కు మూసుకోండి. శబ్దం ఆగిపోతే మీ గున్నా సరైనదే.

ఇప్పుడు జజమ్ ఉన్న నూన్ గాని, మాట చివర ‘న్’ శబ్దం ఇచ్చే తన్వీన్ గాని వచ్చినప్పుడు తర్వాతి అక్షరాన్ని చూడండి. అది బా అయితే నూన్ మీమ్‌గా మారుతుంది, దీన్ని ఇఖ్లాబ్ అంటారు. సూరా హుమజాలో ‘లయుంబదన్న’ చూడండి, ముస్హఫ్‌లో ఆ నూన్ మీద చిన్న మీమ్ కూడా రాసి ఉంటుంది. తెలుగులో ‘కంబళి’, ‘సంబరం’ అన్నప్పుడు మీ పెదవులు ఏం చేస్తున్నాయో గమనించారా? సున్నా తర్వాత బ రాగానే పెదవులు కలుస్తున్నాయి. అరబీలో దానికి రెండు హర్కత్‌ల గున్నా చేర్చాలి, అంతే.

తర్వాతి అక్షరం యా, రా, మీమ్, లామ్, వావ్, నూన్‌లలో ఏదైనా అయితే నూన్ దానిలో కలిసిపోతుంది. ఇది ఇద్గామ్. ‘కన్నులు’ అనే మాట ‘కళ్ళు’ ఎలా అయింది? న ఆనవాలు లేకుండా కరిగిపోయింది. అలాగే ‘వలమ్ యకున్ లహూ’ను ‘యకుల్లహూ’ అని చదువుతాం. లామ్, రా ముందు గున్నా ఉండదు, మిగిలిన నాలుగింటి ముందు ఉంటుంది. సూరా జిల్‌జాల్‌లో ‘ఫమన్ యఅమల్’ను గున్నాతో ‘ఫమయ్యఅమల్’ అంటాం. ఇద్గామ్‌కు నూన్ ఒక మాట చివర, రెండో అక్షరం తర్వాతి మాట మొదట ఉండాలి. ‘దున్యా’ ఒకే మాట కాబట్టి అందులో నూన్ స్పష్టంగా వినబడాలి.

గొంతు అక్షరాలు ఆరింటిలో ఏది వచ్చినా నూన్‌ను దాచకుండా, సాగదీయకుండా తేటగా పలకాలి. ఇది ఇజ్హార్. సూరా ఖురైష్ చివర ‘మిన్ ఖౌఫ్’ ఇందుకు ఉదాహరణ.

మిగిలిన 15 అక్షరాల ముందు ఇఖ్ఫా, అంటే దాచడం. ఇది కలపడమూ కాదు, తేటగా పలకడమూ కాదు. ‘వంశం’, ‘హంస’ అని నెమ్మదిగా అనండి. నాలుక కొన పైకి గట్టిగా ఆనకుండానే ముక్కులో శబ్దం మోగుతుంది. ‘మిన్ షర్రి’ అనేటప్పుడు అదే చేయండి, తర్వాత వచ్చే అక్షరం కోసం నోటిని ముందే సిద్ధం చేసుకోండి. ‘మిన్ జూఇన్’లోనూ ఇంతే. ఖురైష్ చివరి ఆయత్‌లో ఇజ్హార్, ఇఖ్ఫా రెండూ ఉన్నాయి కాబట్టి ఆ ఒక్క ఆయత్‌ను రోజూ పదిసార్లు చదవండి.

నాలుగో మెట్టు: ఆగడం

ఆగినప్పుడు చివరి అక్షరం మీది జబర్, జేర్, పేష్ వదిలేస్తాం. గుండ్రని తా మీద ఆగితే అది హా అవుతుంది. మీమ్ గుర్తు ఉంటే తప్పక ఆగాలి. జీమ్ ఉంటే ఆగవచ్చు, సాగవచ్చు. లా ఉంటే ఆగకూడదు. సూరా నిసా 43వ ఆయత్‌లో ‘మీరు మత్తులో ఉన్నప్పుడు నమాజు దరికి పోకండి’ అని ఉంది. ‘లా తఖ్రబుస్సలాత’ దగ్గర ఆగితే ‘నమాజు దరికి పోకండి’ అనే మిగులుతుంది! ఊపిరి చాలక మధ్యలో ఆగవలసి వస్తే మాట పూర్తి చేసి ఆగండి, రెండు మూడు మాటలు వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకోండి. మాట మధ్యలో ఊపిరి తీసుకోవద్దు.

ఇక రాగం

ఇప్పుడు రాగానికి తలుపు తెరుస్తాను. ఈజిప్టు ఖారీ షేఖ్ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ 1961లో ఖుర్ఆన్ మొత్తాన్ని మురత్తల్ పద్ధతిలో రికార్డు చేశారు. నిదానంగా, ఆడంబరం లేకుండా ఉండే పఠనం అది. ఇంట్లో అటువంటిదే వినండి. అబ్దుల్ బాసిత్ గారి దీర్ఘమైన ఊపిరి, ఎత్తైన స్వరం ఎంత అందంగా ఉన్నా ఇప్పుడే అనుకరించవద్దు. రాగం కోసం హ్రస్వాన్ని సాగదీస్తే ‘మాలికి’ ‘మాలికీ’ అవుతుంది. అలా పొడవు మార్చమనే రాగాన్ని వదిలేయండి.

తడబడతామని సిగ్గుపడి నోరు విప్పని వాళ్ళు వెనుక వరుసలో ఉన్నారు, నాకు తెలుసు. ఖుర్ఆన్‌ను కష్టపడుతూ, తడబడుతూ చదివేవారికి రెండు పుణ్యాలని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లమ్ చెప్పారు. ఇది బుఖారీ, ముస్లిమ్ హదీసు గ్రంథాల్లో ఉంది. రేపు మొదట చదివేది వెనుక వరుసే.

ఇంటి పని: వుజూ చేసుకుని, అఊదు, బిస్మిల్లాహ్ చెప్పి సూరా ఇఖ్లాస్‌ను మూడుసార్లు చదవండి. మొదటిసారి ఖల్ఖలా కోసం, రెండోసారి ‘యకుల్లహూ’ కోసం, మూడోసారి ‘కుఫువన్ అహద్’లో తన్వీన్ తర్వాత హమ్జా వచ్చింది కాబట్టి ఇజ్హార్ కోసం. ఇంట్లో పెద్దవాళ్ళ ఎదురుగా కూర్చుని చదవండి. చివరి దాల్ దగ్గర ‘ఉ’ వినబడితే చెప్పమని వారిని అడగండి.