విషయం: రొయ్యల గుంటల ట్రాన్స్‌ఫార్మర్ లోడు, ఎల్‌సీ వేళలపై 20 నిమిషాల సమయం కోరుతూ – ఫిబ్రవరి 10 లేదా 12

తేదీ: 3 ఫిబ్రవరి 2026
ఇందుకూరుపేట మండలం

గౌరవనీయులైన సూపరింటెండింగ్ ఇంజనీర్ గారికి,
ఆపరేషన్ సర్కిల్, నెల్లూరు.

నమస్కారం సార్.

మా గ్రామ రొయ్యల రైతుల తరఫున మీ ఆఫీసులో 20 నిమిషాలు మాట్లాడేందుకు అవకాశం ఇవ్వమని కోరుతున్నాను. ఈ రెండింటిలో మీకు వీలైనది చెప్పండి:

1. ఫిబ్రవరి 10, మంగళవారం, ఉదయం 10.30 నుంచి 10.50 వరకు
2. ఫిబ్రవరి 12, గురువారం, సాయంత్రం 4.30 నుంచి 4.50 వరకు

సోమవారం అర్జీల రోజు కాబట్టి దాన్ని వదిలేశాం. 14 రెండో శనివారం, 15 శివరాత్రి. పండగ దాటగానే మా దగ్గర రొయ్య పిల్ల వదలడం మొదలవుతుంది. అందుకే పండగలోపే సమయం అడుగుతున్నాం.

మీ నుంచి కావలసిన నిర్ణయాలు రెండు. మా గుంటల లైను చివర 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి వేయడానికి అంచనా తయారు చేయించడం మొదటిది. ఈ ఫీడరు మీద ముందే అనుకుని చేసే పనులకు ఎల్‌సీని పగలు 11 నుంచి 3 గంటల మధ్యకు మార్చడం రెండోది. ఏఈ గారితో, డీఈ గారితో మాట్లాడాం. ఇద్దరూ సానుకూలంగానే ఉన్నారు. ఈ రెండూ కలిపి తేలాలంటే మీ దగ్గరే తేలాలన్నారు.

మీరు ముందుగా చూసుకోవడానికి వివరాలు ఇవి.

ఇప్పుడున్నది 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. దాని మీద 14 సర్వీసులు, మొత్తం మంజూరు లోడు 80 హెచ్‌పీ. గుంటల్లో తిరుగుతున్నవి 2 హెచ్‌పీ ఏరేటర్లు 52, అంటే 104 హెచ్‌పీ. నీళ్లు తోడే మోటార్లు పగలే వేస్తాం కాబట్టి రాత్రి లెక్కలోకి తీసుకోలేదు. 2 హెచ్‌పీ మోటారు లైను నుంచి సుమారు 1.87 కిలోవాట్లు లాగుతుంది. పవర్ ఫ్యాక్టర్ 0.75 దగ్గర ఉంటే అది 2.5 కేవీఏ అవుతుంది. 52 ఏరేటర్లకు 130 కేవీఏ. మా ఎలక్ట్రీషియన్ పోయిన పంట చివర్లో తెల్లవారుజామున 3 గంటలకు క్లాంప్ మీటరుతో చూస్తే ఫేజుకు 185 నుంచి 195 ఆంపియర్లు వచ్చింది. ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ వైపు మోయాల్సింది 133 ఆంపియర్లే. లైను చివరి గుంట దగ్గర వోల్టేజీ 355కు పడిపోయింది. వోల్టేజీ తగ్గేకొద్దీ మోటారు ఎక్కువ కరెంటు లాగి వైండింగు కాలుతుంది. మోటార్లు కాలిపోయేది ఎక్కువగా లైను చివరి గుంటల్లోనే.

ఇంకో చిక్కు కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు. రైతులందరూ ఒకేసారి స్టార్టరు నొక్కుతారు. స్టార్టింగు కరెంటు మామూలు కరెంటుకు అయిదారు రెట్లు ఉంటుంది కాబట్టి వచ్చిన కరెంటు కాస్తా ఫ్యూజు కొట్టేసి మళ్లీ పోతుంది. లైన్‌మన్ మళ్లీ రావాలి. అర్ధరాత్రి ఆయన పడే తిప్పలు మాకు తెలియనివి కావు.

160 కేవీఏ మార్చితే సరిపోదా అన్న ప్రశ్న మీకు రావచ్చు. ట్రాన్స్‌ఫార్మరు మీద భారం తీరుతుంది గానీ, అక్కడి నుంచి చివరి గుంటకు ఎల్‌టీ లైను 900 మీటర్లు. ఆ పొడవులో పడిపోయే వోల్టేజీ అలాగే ఉంటుంది. చివర 63 వేసి 20 ఏరేటర్లు దాని మీదకు మారిస్తే దాని మీద 50 కేవీఏ, పాతదాని మీద 80 కేవీఏ పడుతుంది. లైను పొడవూ సగానికి తగ్గుతుంది. మా అభిప్రాయం ఇదే. చివరి మాట మీ ఇంజనీర్లది.

మా వైపు నుంచి చేయబోయేవి కూడా చెప్పాలి. మంజూరుకు మించి ఉన్న 24 హెచ్‌పీని క్రమబద్ధం చేయించుకునేందుకు 14 మంది రైతులూ దరఖాస్తులు సంతకాలు చేసి ఉంచారు, చార్జీలు కడతారు. ప్రతి ఏరేటరుకూ 1 కేవీఏఆర్ కెపాసిటరు పెడతాం. అది పెడితే ఒక్కో మోటారు 2.5 కేవీఏ బదులు సుమారు 2 కేవీఏ లాగుతుంది. స్టార్టర్లకు టైమర్లు పెట్టి అయిదైదు చొప్పున, అర నిమిషం తేడాతో లేచేలా చేస్తున్నాం. కొత్త ట్రాన్స్‌ఫార్మరు దిమ్మెకు కావలసిన జాగాను గట్టు మీద ఒక రైతు రాసి ఇస్తున్నారు. లారీ వచ్చే దారి ఉంది, వానాకాలం నీళ్లు నిలవని చోటు.

ఎల్‌సీ వేళ గురించి అడగడానికి కారణం గుంటలో ఆక్సిజన్. పగలు ఎండకు నీటిలోని పాచి ఆక్సిజన్ వదులుతుంది, మధ్యాహ్నం నీటిలో కరిగిన ఆక్సిజన్, అంటే డీవో, బాగా ఉంటుంది. రాత్రంతా రొయ్యా పాచీ కలిసి దాన్ని వాడేస్తాయి. అన్నిటికంటే తక్కువ ఉండేది తెల్లవారే ముందు. డీవో 4 పీపీఎం ఉండాలి. 3 కంటే దిగితే రొయ్య మేత మానేస్తుంది, 2 దగ్గరికి వస్తే పైకి తేలుతుంది. ఉదయం 6 గంటలకు ఎల్‌సీ తీసుకుంటే సరిగ్గా ఆ అడుగు స్థాయిలోనే ఏరేటర్లు ఆగుతాయి. అదే పని 11 గంటలకు మొదలైతే, ఎండ ఉన్న రోజు మాకు ఇబ్బంది ఉండదు. మబ్బు పట్టిన రోజు మాత్రం పగలైనా జనరేటరు వేసుకోవాల్సిందే, అది మేం చూసుకుంటాం. ముందురోజు సాయంత్రం 6 లోపు సెక్షన్ నుంచి ఒక్క మెసేజ్ వస్తే చాలు, డీజిలు తెచ్చి పెట్టుకుంటాం. దీనికి శాఖకు అదనపు ఖర్చేమీ లేదు. గాలివానకు తీగ తెగినప్పుడు చేసే పనికి ఈ వేళలు అడగడం లేదు.

తొందర ఎందుకంటే, ఫిబ్రవరి చివర వదిలిన పిల్లకు తొలి నెలన్నర పెద్దగా గాలి అక్కర్లేదు. ఏప్రిల్ రెండో వారం నుంచి ఏరేటర్లన్నీ రాత్రంతా తిరుగుతాయి. ట్రాన్స్‌ఫార్మరు పని మార్చిలోగా అయితే ఈ పంటకే అక్కరకొస్తుంది.

ముగ్గురం వస్తాం: నేను, లైను చివరి గుంటల రైతు ఒకరు, రీడింగులు తీసిన ఎలక్ట్రీషియన్. సర్వీసు నంబర్ల పట్టిక, రీడింగులు, లైను పటం, జాగా అంగీకార పత్రం మీ ముందు పెడతాం. ఏఈ గారిని కూడా పిలవమంటే ఆయనకు మేమే చెబుతాం.

ఈ మెయిల్‌కు "10" అని గానీ "12" అని గానీ జవాబిస్తే సరిపోతుంది. మీ సీసీ గారు చెప్పినా చాలు. రెండూ కుదరకపోతే 16లోపు మీకు వీలైన ఏ వేళైనా వస్తాం. సమయమే లేకపోతే, ఈ రెండు అంశాలు ఎవరితో మాట్లాడాలో సూచించినా మేలు. 9వ తేదీ ఉదయం మీ పేషీకి ఒకసారి ఫోన్ చేసి కనుక్కుంటాను.

నమస్కారాలతో,

శ్రీనివాసులు
కార్యదర్శి, గ్రామ రొయ్యల రైతుల సంఘం
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా

జతపరిచినవి: 14 సర్వీసుల పట్టిక (1 పేజీ), రాత్రి రీడింగులు (1 పేజీ), లైను పటం (1 పేజీ)