డాబా మీద సోలార్: మీ డబ్బు ఎన్నేళ్లలో తిరిగొస్తుంది?

(వీడియో స్క్రిప్టు, నిడివి సుమారు మూడు నిమిషాలు)

దృశ్యం: గుంటూరులో ఒక డాబా ఇల్లు. పక్కన కరెంటు బిల్లు: నెలకు 350 యూనిట్లు.

వాయిస్: ఈ ఇంటికి ఎనర్జీ ఛార్జీలే నెలకు 2,111 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం, సర్దుబాటు ఛార్జీలు ఈ లెక్కలో లేవు.

దృశ్యం: నిలువు కడ్డీ. అడుగు నుంచి పైకి రంగులు: 30 యూనిట్ల వరకు యూనిట్‌కు 1.90 రూపాయలు, 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, ఆపైన 400 వరకు 8.75.

వాయిస్: సోలార్ తగ్గించేది ముందు పై యూనిట్లనే, అంటే ఖరీదైనవాటినే. అసలు లాభం ఇక్కడే ఉంది. ఒక కిలోవాట్ ఏడాది సగటున నెలకు 110 యూనిట్లు ఇస్తుందని లెక్క వేద్దాం. ఎండాకాలంలో ఎక్కువ, వానల్లో తక్కువ.

దృశ్యం: పైనుంచి కడ్డీ కరుగుతుంది. 220 యూనిట్లు తగ్గాక ఆగి, తర్వాత 330 తగ్గేవరకు.

వాయిస్: 2 కిలోవాట్లు పెడితే నెలకు 1,664 రూపాయలు మిగులుతాయి. ఈ ఇంటికి వచ్చిన కొటేషన్ 1,40,000. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 60,000 పోను 80,000. నాలుగేళ్లలో తిరిగొస్తుంది.

మూడో కిలోవాట్ కథ వేరు. అదనపు ఖర్చు 55,000, సబ్సిడీ 18,000 మాత్రమే. అది తగ్గించేవి చవక యూనిట్లు. నెలకు 409 రూపాయలే మిగులుతాయి. ఆ 37,000 రావడానికి ఏడున్నరేళ్లు. ఏసీ ఇంకోటి కొనే ఆలోచన ఉంటేనే మూడోది పెట్టించండి.

దృశ్యం: రెండో ఇల్లు, 150 యూనిట్లు. అంకెలు: సబ్సిడీ పోను ఖర్చు 45,000 ÷ ఏడాదికి మిగిలేది 5,760.

వాయిస్: చిన్న వాడకం ఉన్న ఇంటికి 1 కిలోవాట్‌కు కూడా దాదాపు ఎనిమిదేళ్లు. అప్పు చేసి పెడితే వడ్డీతో ఇంకా ఆలస్యం. సబ్సిడీ డబ్బు బిగింపు పని పూర్తయ్యాకే ఖాతాలో పడుతుంది, కాబట్టి ముందు మొత్తం మీరే సర్దాలి.

దృశ్యం: సాయంత్రం వాటర్ ట్యాంకు నీడ ఒక ప్యానెల్ మీద.

వాయిస్: ఒక ప్యానెల్ మీద నీడ పడినా ఆ వరుస మొత్తం ఉత్పత్తి తగ్గొచ్చు. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగుకు డాబా ఎక్కి చూడండి. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. ప్యానెళ్లు దక్షిణం వైపు. దుమ్ము పేరుకోకుండా, గాజు వేడెక్కకముందే పొద్దున్నే కడగండి. ఉప్పు బోరు నీళ్లైతే తెల్లమరకలు కట్టకుండా తుడవాలి.

దృశ్యం: వీధంతా చీకటి, ఈ ఇల్లు కూడా చీకటే.

వాయిస్: కరెంటు పోతే, వీధి లైన్‌కు కలిపి ఉండే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవారి ప్రాణానికి అది రక్ష. బ్యాకప్ కావాలంటే బ్యాటరీ ఖర్చు వేరు, పైన చెప్పిన ఏళ్లు పెరుగుతాయి. పది, పన్నెండేళ్లకు ఇన్వర్టర్ మార్చాల్సి రావచ్చు. అందుకు 30,000 విడిగా ఉంచుకోండి.

దృశ్యం: కొటేషన్ కాగితం మీద నాలుగు టిక్కులు.

వాయిస్: కొటేషన్‌లో నాలుగు రాయించుకోండి: సబ్సిడీకి తప్పనిసరైన దేశీయ డీసీఆర్ ప్యానెళ్లు, ఇన్వర్టర్ వారంటీ, స్ట్రక్చర్‌కు గాల్వనైజ్డ్ ఇనుము, లైన్‌కు ఇచ్చిన, తీసుకున్న కరెంటు రెండూ లెక్కించే నెట్ మీటర్ ఫీజు ఎవరు కట్టాలో. దరఖాస్తు pmsuryaghar.gov.in లో.