కొత్త టర్మ్ జూన్ 15 నుంచి: వాయిద్యం కొనకముందే డెమోకి రండి 🎶

నల్లకుంటలోని మా సంగీత పాఠశాలలో కొత్త టర్మ్ జూన్ 15, సోమవారం మొదలవుతుంది. వారానికి రెండు చొప్పున 12 వారాల్లో 24 క్లాసులు. వినాయక చవితి హడావిడి మొదలయ్యేలోపే, సెప్టెంబరు 6కి పూర్తవుతుంది. బోనాలకో పంద్రాగస్టుకో క్లాసు పోతే ఆ వారం ఆదివారం పెడతాం.

డెమో క్లాసులు జూన్ 6 శనివారం, 7 ఆదివారం, ఉదయం 10 నుంచి 1 వరకు. ఉచితం. ఒక్కొక్కరికి 40 నిమిషాలు. ముందు తంబురా శ్రుతి పెట్టి "సా" పట్టిస్తాం, ఏ శ్రుతిలో గొంతు హాయిగా నిలుస్తుందో చూస్తాం. చిన్నపిల్లల్లో చాలామందికి అది 5, 5½ దగ్గర ఉంటుంది. తర్వాత ఆది తాళం వేయించి, ఎనిమిది దెబ్బలూ ఒకే నడకలో పడుతున్నాయో లేదో గమనిస్తాం. ఆ తర్వాతే వాయిద్యం చేతికిస్తాం. పాప పాడకుండా అమ్మ వెనకాల దాక్కున్నా ఫర్వాలేదు, రెండో రోజు మళ్లీ తీసుకురండి.

డెమోకి ముందే వాయిద్యం కొనేయకండి, మరీ ముఖ్యంగా వయొలిన్. "ఎలాగూ ఎదుగుతాడు కదా" అని ఏడేళ్ల పిల్లాడికి ఫుల్ సైజు కొంటే చెయ్యి పూర్తిగా చాపాల్సి వస్తుంది, మణికట్టు బిగుసుకుంటుంది, వేళ్లు స్వరస్థానం మీద పడవు. అపస్వరానికే చెవి అలవాటు పడితే దాన్ని మాన్పించడం కొత్తగా నేర్పించడం కంటే కష్టం. ఇంట్లోనే కొలిచి చూడండి: ఎడమ చెయ్యి పక్కకు చాపమని మెడ దగ్గర నుంచి అరచేతి మధ్య వరకు టేపు పట్టండి. 18 అంగుళాలు వస్తే పావు సైజు, 20 అయితే అర, 22 అయితే ముప్పావు, 23 దాటితే ఫుల్. పావు, అర సైజులు మా దగ్గర అద్దెకు ఉన్నాయి: నెలకు ₹400, డిపాజిట్ ₹2,000 (వాయిద్యం తిరిగి ఇచ్చినప్పుడు డబ్బు వెనక్కి).

వయసు విషయానికొస్తే, గాత్రం, వయొలిన్, కీబోర్డు 6 ఏళ్ల నుంచి, మృదంగం 7, గిటార్ 8 నుంచి. వీణకు మాత్రం 10 నిండాలి. 24 మెట్ల మీద పై స్థాయి దాకా ఎడమ చెయ్యి నడుం వంచకుండా అందాలి, అందుకే ఆ నియమం. 5 ఏళ్ల వాళ్లకు వాయిద్యం లేకుండా స్వరాలు, చప్పట్లతో అరగంట ఆటపాటల బ్యాచ్ ఉంది. 12–14 ఏళ్ల మగపిల్లలకు గొంతు మారుతుంటే చెప్పండి, శ్రుతి దించి మధ్య స్థాయిలోనే పాడిస్తాం, తారస్థాయి కోసం బలవంతపెట్టం. పెద్దవాళ్లకు వయోపరిమితి లేదు. ఉద్యోగస్తుల బ్యాచ్ శని, ఆది ఉదయం 7 గంటలకు.

కీబోర్డు కొనేటప్పుడు 61 కీలు, టచ్ రెస్పాన్స్ ఉన్నది చూసుకోండి. సన్న కీల బొమ్మ కీబోర్డు మీద వేళ్ల దూరం తప్పుగా అలవాటవుతుంది. గిటార్‌కి చిన్నపిల్లలైతే నైలాన్ తీగలు. స్టీల్ తీగలు వేళ్లు కోసి, రెండో వారానికే ప్రాక్టీసు మానేస్తారు.

కొత్తగా చేరే గాత్రం విద్యార్థులకు ఈ టర్మ్‌లో మాయామాళవగౌళలో సరళీ వరిసలు, జంట వరిసలు, అలంకారాల మొదలు. మూడు కాలాల్లోనూ నిలకడ వచ్చేదాకా గీతాలకు వెళ్లం. మూడో నెలలోనే కీర్తన కావాలంటే మా దగ్గర కుదరదు.

ఫీజులు (24 క్లాసులకు కలిపి):
గాత్రం, ఆరుగురి బ్యాచ్: ₹6,000
కీబోర్డు, గిటార్, ఐదుగురు: ₹7,200
వయొలిన్, వీణ, మృదంగం, నలుగురు: ₹7,800
విడిగా ఒక్కరికే, 45 నిమిషాల క్లాసు, ఏదైనా: ₹14,400
5 ఏళ్ల ఆటపాటలు: ₹4,200

కొత్తవాళ్లకు రిజిస్ట్రేషన్ ₹500, ఒక్కసారే. సగం చేరినప్పుడు, సగం జూలై 27కి కట్టొచ్చు. ఒకే ఇంటి నుంచి రెండో బిడ్డకు 10 శాతం తగ్గింపు. మొదటి 4 క్లాసుల్లోపు మానేస్తే జరిగిన క్లాసుల డబ్బు మినహాయించి మిగతాది తిరిగిస్తాం, ఆ తర్వాత ఇవ్వలేం. వాయిద్యం మార్చుకోవాలంటే 6వ క్లాసు వరకు వీలుంటుంది, ఫీజు తేడా ఉంటే సర్దుతాం. ముందు రోజు రాత్రి 8లోపు చెప్పి మానిన క్లాసులు టర్మ్‌కి 3 వరకు మళ్లీ చెబుతాం.

రోజూ ఇంట్లో 20 నిమిషాలు కూర్చోబెట్టగలిగితేనే చేర్పించండి. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు సాధన చేయిస్తే గొంతు అలిసిపోతుంది, వేళ్లకు గుర్తుండదు.

శంకర మఠం నుంచి విద్యానగర్ వైపు నడిచి వచ్చేంత దూరం. కారు పెట్టడానికి చోటు లేదు, బండి మీదో ఆటోలోనో రండి. డెమో స్లాట్ కోసం ఈ పేజీకే మెసేజ్ పెట్టండి: పిల్లల పేరు, వయసు, ఏ వాయిద్యం, శనివారమా ఆదివారమా. వయొలిన్ అయితే చేతి కొలత కూడా రాస్తే ఆ సైజు శ్రుతి చేసి సిద్ధంగా పెడతాం.

#సంగీతక్లాసులు #నల్లకుంట #కర్ణాటకసంగీతం #హైదరాబాద్