విషయం: 2026-27 బడ్జెట్: మీ కమిటీ అంచనాలు ఫిబ్రవరి 5, గురువారం రాత్రి 9 గంటలలోపు

కమిటీ కన్వీనర్లందరికీ నమస్కారం.

సంక్రాంతికి ఊళ్లకు వెళ్లినవాళ్లు దాదాపు అందరూ తిరిగొచ్చారు కాబట్టి వచ్చే ఏడాది బడ్జెట్ పని మొదలుపెడుతున్నాను. 2026 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 వరకు మీ కమిటీకి ఏ పనికి ఎంత కావాలో, ఎందుకు కావాలో ఫిబ్రవరి 5, గురువారం రాత్రి 9 గంటలలోపు గూగుల్ షీట్‌లో నింపండి. షీట్ లింకు ఈ సాయంత్రం కన్వీనర్ల వాట్సాప్ గ్రూపులో పెడతాను. మీ కమిటీ పేరుతో ఉన్న ట్యాబ్‌లోనే రాయండి, పక్క ట్యాబ్‌లు ముట్టుకోకండి.

ఈ తేదీని పొడిగించడం కుదరదు, కారణం ముందే చెబుతాను. జనరల్ బాడీ మీటింగ్ మార్చి 8, ఆదివారం. మన బైలాస్ ప్రకారం నోటీసు, దాంతోపాటు బడ్జెట్ కాపీ 21 రోజుల ముందే ప్రతి ఫ్లాట్‌కూ అందాలి. మర్నాడు శివరాత్రి కాబట్టి ఫిబ్రవరి 14నే పంపేద్దామని సెక్రటరీ గారు, నేను అనుకున్నాం. ఎగ్జిక్యూటివ్ కమిటీ 11వ తేదీ రాత్రి కూర్చుంటుంది. అంతకుముందు 7, 8 తేదీల్లో ఒక్కో కమిటీతో అరగంట చొప్పున అసోసియేషన్ ఆఫీసులో కూర్చుని మీ లెక్కలు చూస్తాను. మీకు వీలైన సమయం షీట్ మొదటి వరుసలో రాసేయండి.

అంచనా ఎలా రాయాలన్న దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. "పోయినసారి ఇచ్చినదాని మీద 10 శాతం" అన్న పద్ధతి ఈసారి వద్దు. డబ్బు ఎక్కువ అడిగారని కాదు, జనరల్ బాడీలో ఎవరైనా లేచి "ఈ అంకె ఎక్కడిది?" అంటే నా దగ్గర జవాబు ఉండాలి. మనవి 180 ఫ్లాట్లు, మొత్తం 2,52,000 చదరపు అడుగులు. ఇప్పుడు చదరపు అడుగుకు రూ. 3.25 చొప్పున ఏడాదికి సుమారు రూ. 98 లక్షలు వస్తోంది. ఐదు పైసలు పెంచితే ఏడాదికి వచ్చేది లక్షన్నరే. అంటే మీలో ఎవరు లక్షన్నర అదనంగా అడిగినా, ఆ ఐదు పైసలు ప్రతి ఇంటి బిల్లులోనూ కనిపిస్తాయి. మీ లెక్క వేసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకుంటే చాలు.

ప్రతి పనికీ ఒక వరుస. పని పేరు, ఎన్ని, ఒక్కోటి ఎంత, ఏ నెలలో చెల్లించాలి, లెక్కకు ఆధారం ఏమిటి అన్నవి రాయండి. చివర "తప్పనిసరి", "అవసరం", "ఆగొచ్చు" అన్న మూడింటిలో ఒకటి ఎంచుకోండి. అన్నీ "తప్పనిసరి" అని పెడితే ఏది ఆపాలో నేనే తేల్చాల్సి వస్తుంది, అది మీకు నచ్చకపోవచ్చు. నెల కాలమ్ ఖాళీగా వదలకండి. ఏడాది మొత్తానికి డబ్బు సరిపోయినా, లిఫ్ట్ ఏఎంసీ, డీజిల్, ట్యాంకర్లు ఒకే నెలలో వచ్చి పడితే బ్యాంకు ఖాతాలో సరిపోదు.

రూ. 25 వేలు దాటిన పనికి రెండు కొటేషన్లు, లక్ష దాటితే మూడు జత చేయండి. ఫోన్‌లో తీసిన ఫొటో అయినా పర్వాలేదు, తేదీ కనిపించాలి. లిఫ్ట్ కంపెనీ ఏఎంసీ లాంటి చోట్ల రెండో కొటేషన్‌కు అర్థం లేదు. అక్కడ కారణం ఒక వాక్యం రాస్తే చాలు.

కొటేషన్లను జీఎస్టీ కలిపిన మొత్తంతోనే రాయండి. మన మెయింటెనెన్స్ ఏ ఫ్లాట్‌కూ నెలకు రూ. 7,500 దాటదు కాబట్టి సభ్యుల దగ్గర జీఎస్టీ వసూలు చేయం. అదే కారణంగా మనం కట్టే జీఎస్టీ తిరిగి క్రెడిట్‌గానూ రాదు. లక్ష రూపాయల ఏఎంసీ మనకు పడేది లక్షా 18 వేలు. అలాగే కాంట్రాక్టర్ పాన్ నంబర్ ముందే తీసుకోండి. ఒక బిల్లు రూ. 30 వేలు దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా టీడీఎస్ కోయాలి. వ్యక్తి అయితే 1 శాతం, కంపెనీ అయితే 2 శాతం. పాన్ లేకపోతే ఏకంగా 20 శాతం. అప్పుడు గొడవ మేనేజర్ గారి టేబుల్ దగ్గర జరుగుతుంది.

ఇక ఒక్కో కమిటీకి విడిగా నాలుగు మాటలు.

సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్: ఏజెన్సీ నుంచి మనిషికి ఇంత అని ఒక్క అంకె తెచ్చుకోకండి. జీతం, పీఎఫ్ 13 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం, బోనస్, సర్వీస్ చార్జి, జీఎస్టీ విడివిడిగా చూపించమనండి. ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ కరువు భత్యం మారుతుంది కాబట్టి ఏడాది పొడవునా ఒకే రేటు వేస్తే రెండో సగంలో తక్కువ పడుతుంది.

వాటర్, ఎస్‌టీపీ: అన్నిటికంటే పెద్ద టెన్షన్ ఇదే. గేటు రిజిస్టర్ చూసి పోయిన మార్చి నుంచి జూన్ వరకు నెలనెలా ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో లెక్కతీసి, దాని పక్కనే ఈ ఏడాది అంచనా వేయండి. బోర్లు ఎలా ఉన్నాయో మీకే బాగా తెలుసు. ఎస్‌టీపీ బ్లోయర్లు, స్లడ్జ్ తీయించడం, సంపులు కడిగించడం వేర్వేరు వరుసల్లో పెట్టండి.

లిఫ్టులు, జనరేటర్: డీజిల్‌ను రూపాయల్లో కాదు, జనరేటర్ నడిచిన గంటల్లో చూపించండి. లాగ్‌బుక్ ప్రకారం గంటకు ఎన్ని లీటర్లు తాగుతోందో వస్తుంది, ఆ తర్వాత గుణించడం నేను చూసుకుంటాను. ఏఎంసీలో విడిభాగాలు కలిసి ఉన్నాయా లేదా అన్నది తప్పక రాయండి. రోప్‌లు, ఏఆర్‌డీ బ్యాటరీలు అందులో లేకపోతే వాటికి విడిగా వరుస కావాలి.

కల్చరల్: 2026 ఉగాది మార్చి 19న, అంటే ఆ ఖర్చు ఈ ఏడాది లెక్కలోకే వస్తుంది. ఈసారి అధిక జ్యేష్ఠం ఉండటంతో ఆ తర్వాతి ఉగాది 2027 ఏప్రిల్ 7కి పోయింది. అంటే 2026-27లో ఉగాది లేదు! అలవాటుగా ఆ వరుస కాపీ చేయకండి. మార్చిలో అడ్వాన్సులు ఏమైనా ఇవ్వాల్సి ఉంటే అవి మాత్రం రాయండి. వినాయక చవితి సెప్టెంబర్ 14. చందాలు, లడ్డూ వేలం డబ్బు ఒకవైపు, మొత్తం ఖర్చు ఒకవైపు చూపండి. మిగిలిన తేడా మాత్రమే రాస్తే ఆడిటర్ ఒప్పుకోరు.

గార్డెన్ కమిటీకి ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు, మీ షీట్ ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది.

బయటి గోడల పెయింటింగ్, లిఫ్ట్ మార్చడం లాంటి పెద్ద పనులు నెలవారీ మెయింటెనెన్స్‌లో కలపొద్దు. అవి కార్పస్ నుంచి, అదీ జనరల్ బాడీ విడిగా ఆమోదిస్తేనే. షీట్ చివరి ట్యాబ్ వాటి కోసమే.

ఈ ఏడాది డబ్బు మిగిలిందని మార్చిలో హడావిడిగా ఖర్చు పెట్టకండి. మిగిలించిన కమిటీకి వచ్చే ఏడాది కోత పెట్టే ఆలోచన నాకు లేదు. పని పూర్తయి బిల్లు రానివి ఏవైనా ఉంటే మార్చి 20లోపు చెప్పండి, ఈ ఏడాది లెక్కలోనే చూపిస్తాను.

ఐదో తేదీకి షీట్ నింపని కమిటీకి ఇప్పుడు నడుస్తున్న ఒప్పందాల మొత్తాలు మాత్రమే వేసి ముందుకు వెళ్తాను. కొత్త పనులేవీ అందులో ఉండవు. షీట్‌తో ఇబ్బంది ఉన్నవాళ్లు కాగితం మీద రాసి మేనేజర్ గారికి 3వ తేదీలోగా ఇస్తే ఆయన ఎక్కిస్తారు. సందేహాలుంటే రాత్రి 8 తర్వాత ఫోన్ చేయండి, లేదా ఆదివారం ఉదయం ఆఫీసుకు రండి.

ఇట్లు,
ట్రెజరర్
బి-304
18 జనవరి 2026