మాటల జల్లెడ గురించి శ్రావణి గారికి

శ్రావణి గారికి,

నమస్తే. సోమవారం నుంచి మన పిల్లల కథల యాప్‌లో తిట్లను ఆపే మాటల జల్లెడ మీ చేతికి వస్తోంది. కోడ్ చదివితే అది ఏం చేస్తుందో మీకు అరగంటలో తెలిసిపోతుంది. ఎందుకలా చేస్తుందో మాత్రం కోడ్‌లో కనబడదు. అందుకే ఈ ఉత్తరం.

తిట్టును పట్టుకోవడం తేలిక. తిట్టు కానిదాన్ని పోనివ్వడం దగ్గరే మేం ఎక్కువ కష్టపడ్డాం. రెండో తరగతి పాప కూడబలుక్కుని ఒక కథ టైప్ చేసి పంపితే, యాప్ ‘ఇది తప్పు మాట’ అంటే ఆ పాప మళ్ళీ రాయదు. ఒక తిట్టు జారిపోతే మన మోడరేటర్లు చూసి తీసేస్తారు. మానేసిన పిల్లను తిరిగి తెచ్చేవాళ్ళు ఎవరూ లేరు. కోడ్‌లో మీకు వింతగా అనిపించే ప్రతి నిర్ణయం వెనకా ఈ లెక్కే ఉంది.

మాట లోపల తిట్టు ఎక్కడ దొరికినా ఆపేయడం అనే పద్ధతి మనకు అసలు పనికిరాదు. 1996లో ఇంగ్లండ్‌లోని స్కంథోర్ప్ ఊరివాళ్ళు ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సేవలో ఖాతా తెరవబోతే, ఊరి పేరులో దాగిన నాలుగు అక్షరాల వల్ల కుదరలేదు. అప్పటి నుంచి ఈ చిక్కుకు ఆ ఊరి పేరే పెట్టారు. మనకు అంత దూరం వెళ్ళక్కర్లేదు. హర్షిత, అక్షిత, రక్షిత, లక్షిత: ఏ క్లాసులో చూసినా వీళ్ళలో ఒకరు ఉంటారు. ఇంగ్లీషులో `harshitha` అని రాసి మధ్యలో చూడండి, ఒక ఇంగ్లీషు తిట్టు కనబడుతుంది. `dikshitulu` సంగతీ అంతే. సొంత పేరు టైప్ చేసుకున్న పిల్లను యాప్ గదమాయించడం కన్నా ఘోరం ఇంకేముంటుంది? అందుకని ఇంగ్లీషు లిపిలో ఉన్న మాటలన్నీ పూర్తి మాటగా సరిపోతేనే ఆగుతాయి. మాట లోపలికి తొంగిచూడం.

తెలుగు లిపిలో పూర్తి మాట సరిపోవాలంటే కుదరదు. మన మాటకు తోకలు ఎక్కువ. వెధవ అనేది వెధవా, వెధవలు, వెధవలారా, వెధవవి అవుతుంది. మొదలు చూసి పట్టుకుందామంటే పంది అనే మొదలు పందిరిలోనూ ఉంది, పందిట్లోనూ ఉంది. ‘మా అక్క పెళ్ళి పందిట్లో లడ్డూలు పంచారు’ అని రాస్తే ఆపుతామా? చంపేస్తా అనేది ఆపాలి కదా అని చంప అనే మొదలు పెట్టుకుంటే చంపకమాల ఆగిపోతుంది. హైస్కూల్ పిల్లలకు అది పాఠం. అందుకని మొదలు ఒకచోట, ఒప్పుకున్న తోకలు ఒకచోట ఉంచాం. మొదలు తీసేశాక మిగిలిన ముక్క ఆ తోకల్లో ఉంటేనే తగిలినట్టు.

```python
def tagilinda(word, stem, tails):
    return word.startswith(stem) and word[len(stem):] in tails
```

పంది పోగా మిగిలిన ‘రి’ తోకల్లో లేదు, కాబట్టి పందిరి హాయిగా వెళ్ళిపోతుంది. ఈ రెండు లైన్ల వల్లే ‘మినహాయింపుల జాబితా’ ఒకటి పెంచుకుంటూ పోయే బాధ మనకు చాలావరకు తప్పింది. బహువచనంలో రూపం మారిపోయే మాటలను విడిగా రాశాం.

ఇక్కడ ఒకటి జాగ్రత్తగా చూడండి. కంప్యూటర్‌లో గుణింతం గుర్తు హల్లుతో కలవకుండా విడిగా ఉంటుంది. పిచ్చోడు, పిచ్చిదానా రెంటినీ పట్టుకోవాలని పిచ్చ అనే మొదలు పెట్టాం. పిచ్చుకలో కూడా అదే మొదలు ఉంది, దాని తర్వాత కొమ్ము వచ్చింది అంతే. తోకల జాబితా ఉంది కాబట్టి పిచ్చుక బతికిపోయింది. ‘అక్షరం పూర్తి కాకముందే తగిలితే వదిలెయ్’ అని ఒక సాధారణ నియమం పెడితే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. పెడితే వెధవా అనే పిలుపు కూడా జారిపోతుంది, ఆ దీర్ఘం కూడా గుణింతం గుర్తే కదా. అందుకే `tails`లో వట్టి దీర్ఘం ఒక్కటే ఒక తోకగా కనబడుతుంది. పొరపాటున పడిందేమో అనుకుని తీసేయకండి.

మాటలుగా విడగొట్టడానికి పైథాన్‌తో వచ్చే `re` వాడవద్దు. దాని `\w` తెలుగు గుణింతాలను అక్షరాలుగా లెక్కించదు.

```python
re.findall(r"\w+", "తెలుగు")   # ['త', 'ల', 'గ']
```

మేం విడిగా దొరికే `regex` మాడ్యూల్ వాడాం. విడగొట్టే ముందు పాఠం మొత్తాన్ని ఒక దారికి తెస్తాం:

```python
def saafu(text):
    t = unicodedata.normalize("NFKC", text).casefold()
    return "".join(c for c in t
                   if unicodedata.category(c) != "Cf")
```

`return` లైను కంటికి కనబడని గుర్తులను తీసేస్తుంది. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి మనం నిజంగానే అలాంటి గుర్తు వాడతాం కాబట్టి, ఇది పోల్చడానికి మాత్రమే. పిల్లలు రాసిన అసలు పాఠాన్ని ఎప్పుడూ ముట్టుకోం. జాబితాలోని మాటలు కూడా ఇదే `saafu` గుండా వెళ్ళి వస్తాయి, లేకపోతే రెండూ కలవవు.

సాగదీతలు కూడా ఉంటాయి. ‘వెధవాాా’ అన్నప్పుడు వరసగా వచ్చిన గుణింతం గుర్తులను ఒక్కటి చేస్తాం. హల్లులను అలా చేయం. ‘కాకకి గింజలు వేశాను’ అనే వాక్యంలో రెండు క లు పక్కపక్కనే ఉన్నాయి, రెండూ కావాలి. మూడు దాటితేనే కుదిస్తాం. గా.డి.ద అని చుక్కలు పెట్టి రాసేవాళ్ళ కోసం ఒంటి అక్షరాలు మూడు వరసగా వస్తే అతికించి చూస్తాం. రెంటికి అతికిస్తే ‘నీ నా’ కూడా ఒక మాటైపోతుంది.

పలుకుబడిని బట్టి రాసే తేడాలు ఇంకో పెద్ద సంగతి. వెధవను పిల్లలు వెదవ, ఎదవ, యెదవ అని కూడా రాస్తారు, విన్నది విన్నట్టు రాస్తారు కాబట్టి. ఒత్తులున్న హల్లులను ఒత్తు తీసి పోలుస్తాం. మిగతా రూపాలను జాబితాలో చేతితో రాశాం. జాబితా కూర్చినవాళ్ళు మనతో పనిచేసే ఇద్దరు రిటైర్డ్ టీచర్లు, ఒకరిది గుంటూరు, ఒకరిది కరీంనగర్. అలా రెండు వైపుల వాళ్ళు ఉండటం చాలా మేలు చేసింది. ఉదాహరణకు ‘పోరి’ అనే మాట గుంటూరు చెవికి మొరటుగా ఉంటుంది. కరీంనగర్ ఇంట్లో అమ్మమ్మ మురిపెంగా అనే మాట అది. దాన్ని జాబితాలో పెట్టలేదు. ఎవరైనా ఫిర్యాదు చేసినా పెట్టవద్దని నా అభిప్రాయం. ఒక ప్రాంతం పిల్లల ఇంటి భాషను బూతు అని చెప్పే హక్కు మన యాప్‌కు లేదు.

జంతువుల పేర్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. గాడిద, కుక్క, పంది లేని పిల్లల కథ ఉండదు. అవే తిట్లు కూడా. ఇక్కడ తెలుగు వ్యాకరణమే మనకు సాయం చేసింది. గాడిదకి, గాడిదలు, గాడిదతో అంటే జంతువు. గాడిదవి అంటే ఎదుటివాణ్ణి అన్నట్టు. గాడిదా అంటే పిలిచినట్టు. కాబట్టి జంతువుల పేర్లకు ఈ రెండు తోకలే ఇచ్చాం. అయినా కథలో నక్క ‘ఓ గాడిదా!’ అని పిలుస్తుందిగా? అందుకే పెట్టెను బట్టి నియమం మారుతుంది. కథ రాసే పెట్టెలో ఇవి వెళ్ళిపోతాయి, తోటిపిల్లల కథకు కామెంట్ రాసే పెట్టెలో ఆగుతాయి. ఒంటి మాటగా ‘చెప్పు’ను ఎక్కడా ఆపం, పిల్లలు ‘ఇంకో కథ చెప్పు’ అనే అడుగుతారు. ‘చెప్పుతో కొడతా’ అనే జంటను ఆపుతాం. కుంటి, గుడ్డి, నత్తి లాంటివి, కులం పేరు పెట్టి అనే మాటలు వాటంతట అవి ఆగవు, ప్రచురించే ముందు మనిషి చూస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైన ఫైలు `sahayam.txt`. ఇందులో ఉన్నవి తిట్లు కావు. ‘చచ్చిపోవాలని ఉంది’, ‘ఎవరికీ చెప్పొద్దన్నాడు’, ‘ఇంటికి వెళ్ళాలంటే భయం’ లాంటి వాక్యాలు. ఇలాంటిది తగిలితే ‘రాయకూడదు’ అనే సందేశం రాకూడదు, ఎప్పటికీ రాకూడదు. ఆ పిల్ల ఎవరికో చెప్పుకోవాలని చూస్తోంది, మనం నోరు మూయించకూడదు. పాఠం బయటికి వెళ్ళదు, కానీ పిల్లకు మెత్తని మాటతో పాటు 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు కనబడుతుంది, మన బాధ్యుల ఫోన్‌కు వెంటనే కబురు వెళ్తుంది. తల్లిదండ్రులకు యాప్ తనంతట తాను చెప్పదు. భయం ఇంట్లోవాళ్ళ వల్లే కావచ్చు, ఆ నిర్ణయం మనిషే తీసుకోవాలి. మన తెలుగులో ‘నవ్వలేక చచ్చాను’, ‘ఆకలికి చచ్చిపోతున్నా’ మామూలే కాబట్టి అవి కూడా ఈ వలలో పడుతుంటాయి. పడనివ్వండి. ఈ ఒక్క ఫైలు దగ్గర మాత్రం నేను పైన చెప్పిన లెక్క తిరగబడుతుంది: వందసార్లు ఊరికే మోగినా ఒకసారి మోగకుండా ఉండకూడదు.

ఆపినప్పుడు కనబడే సందేశం ఇది: ‘ఈ మాట ఇక్కడ వెయ్యలేం. ఇంకోలా రాసి చూడు.’ తగిలిన మాట కింద గీత పడుతుంది. గీత వేస్తే తప్పించుకునే దారి నేర్పినట్టవుతుందని టీంలో వాదన జరిగింది. నేను గీత ఉండాలనే అన్నాను. ఏది తగిలిందో తెలియక తికమకపడే అమాయకులే ఎక్కువ. ఎర్ర రంగు, అడ్డగుర్తు, సౌండ్ లేకుండా చూసుకోండి. డిజైన్ వాళ్ళు అడుగుతుంటారు.

లాగ్‌లో నియమం నంబరు, పెట్టె పేరు, తేదీ మాత్రమే ఉంటాయి. పిల్ల పేరూ, పాఠమూ ఉండవు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని 9వ సెక్షన్ పిల్లల ప్రవర్తనను వెంటాడి గమనించవద్దంటుంది, ఆ చట్టం లెక్కలో 18 ఏళ్ళు నిండనివాళ్ళంతా పిల్లలే. ‘ఎవరు ఎక్కువ తిడుతున్నారో ఒక రిపోర్ట్ ఇవ్వండి’ అని ఎవరైనా అడిగితే ఇవ్వకండి, ఇవ్వడానికి డేటా కూడా ఉండదు. జాబితా సర్వర్‌లోనే ఉంటుంది, యాప్‌తో పాటు ఫోన్లలోకి వెళ్ళదు.

కొత్త మాట కలపాలంటే ముందు `manchivi.txt`లో దానికి దగ్గరగా ఉండే మంచి మాటలు రాయండి. పందిరి, పిచ్చుక, చంపకమాల, హర్షిత అందులో ఉన్నాయి. ఆ ఫైల్లో ఒక్కటి ఆగినా బిల్డ్ ఆగిపోతుంది. టీచర్లిద్దరిలో ఒకరు ఒప్పుకున్నాకే కలపండి.

ఒకటి తేల్చకుండా మీకు వదిలేస్తున్నాను. ఇంగ్లీషు లిపిలో తెలుగు రాసే పిల్లల కోసం `aa`ను `a`గా, `th`ను `t`గా మార్చి పోలుస్తున్నాం. దీనివల్ల ఒకదానికొకటి సంబంధం లేని మాటలు అప్పుడప్పుడు ఒకటైపోతున్నాయి. ఆ మార్పును పేర్ల పెట్టెలో పూర్తిగా తీసేసి, కామెంట్లకే ఉంచితే బాగుంటుందని నాకు అనిపిస్తోంది. టీచర్లతో మాట్లాడి మీరే నిర్ణయించండి. సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా ఫోన్ చేయండి.

ఇట్లు,
కిరణ్